దగ్గు తగ్గింది, క్షయ తగ్గలేదు

క్షయ మందులు మొదలుపెట్టిన వారిలో చాలామందికి కొద్ది వారాలలోనే సాయంకాలపు జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, దగ్గు సన్నగిల్లుతుంది. మందులు మానివేయాలన్న ఆలోచన కూడా అప్పుడే పుడుతుంది. గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో ఆశా కార్యకర్త ఒకరు ఈ విషయాన్నే గ్రామస్తులకు వివరిస్తుండగా మేము విన్నాము. మన ఇళ్లలోనూ తెలిసి ఉండవలసిన మాటలు కనుక ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఆమె ముందుగా వైద్యపు లెక్క చెప్పారు. మందులకు లొంగే సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి 56 రోజులు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాతి 112 రోజులు మూడు మందులు కలిసిన మాత్రలు ఇస్తారు. రోజుకు ఎన్ని మాత్రలన్నది రోగి బరువును బట్టి ఉంటుంది. 41 కిలోల మనిషికి మూడు, 50 కిలోలు దాటితే అంతకన్నా ఎక్కువ.

"దగ్గే లేనప్పుడు అన్ని నెలలు ఎందుకమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు.

"చాచా, చేలో తుంగ మొలిస్తే పైన కోసేస్తే పోతుందా?" అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు.

"ఎక్కడ పోతుంది? లోపల గడ్డ ఉంటుంది. తడి తగిలితే మళ్లీ లేస్తుంది."

"ఊపిరితిత్తుల్లోనూ అంతే. చురుగ్గా పెరిగే క్రిములు తొలి వారాల్లోనే చాలావరకు చస్తాయి. అందుకే దగ్గు తగ్గుతుంది. కొన్ని మాత్రం దాదాపు కదలిక లేకుండా పడి ఉంటాయి. పెరగని క్రిమిని మందు త్వరగా చంపలేదు. అది మేలుకున్నప్పుడల్లా మందు సిద్ధంగా ఉండాలి. మిగిలిన నాలుగు నెలలూ ఆ గడ్డల కోసమే."

రెండు నెలల తర్వాత తెమడ పరీక్షలో క్రిములు కనిపించకపోవడం మంచి గుర్తే. అయితే సూక్ష్మదర్శినికి అందనంత తక్కువగా క్రిములు మిగిలి ఉండవచ్చు. ఆ ఫలితం రెండవ దశకు వెళ్లడానికే గాని, మందులు ఆపడానికి కాదు.

ఆమె చెప్పిన ఒక తాపీమేస్త్రి ఉదంతం దీనికి నిదర్శనం. మూడవ నెలలో ఆయన బరువు 41 నుండి 45 కిలోలకు పెరిగింది, పని దొరికి పొరుగూరు వెళ్లారు. అక్కడ కొన్నాళ్లు వేసుకుని, కొన్నాళ్లు మరచి, చివరకు మందులు మానివేశారు. ఐదు నెలలకు దగ్గు తిరిగి వచ్చింది. ఈసారి పరీక్షలో, ప్రధానమైన రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగడం లేదని తేలింది. కోట్ల క్రిములలో ఏదో ఒక మందుకు లొంగనివి సహజంగానే కొన్ని ఉంటాయి. ఒక మందును తప్పించుకున్న దానిని మరొకటి చంపాలన్న ఉద్దేశంతోనే నాలుగూ కలిపి ఇస్తారు. మందులు అరకొరగా పడితే ఆ మొండి క్రిములే మిగిలి పెరుగుతాయి. ఇప్పుడాయనకు వేరే మందులు వాడుతూ, తరచూ గుండె పరీక్షలు కూడా చేయవలసి వస్తోంది. ఆయన దగ్గితే ఇంటివారికి సోకేది కూడా ఆ మొండి క్రిమే.

మందులు మానడానికి భయం మరో కారణం. మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమేమోనని కలవరపడతారు. అది రిఫాంపిసిన్ రంగు, హాని లేదు. కానీ కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే వైద్యునికి చూపించాలి. ఏది ఆపాలో, ఏది మార్చాలో ఆయన నిర్ణయిస్తారు. ఒక రోజు మరచిపోతే మరునాడు రెట్టింపు మాత్రలు వేసుకోరాదు. తప్పిన రోజులను చివరన కలుపుతారు. క్యాలెండరులో ఆరు నెలలు గడిస్తే చాలదు, మొత్తం 168 రోజుల మోతాదు పూర్తికావాలి.

"రంజాన్ వస్తే ఎలా అక్కా?" అని ఒక సోదరి అడిగారు. ఈ మాత్రలు రోజుకు ఒకేసారి వేసుకునేవి. కనుక ఉపవాసం ఉండదగినంత బలం ఉందని వైద్యుడు చెబితే, సహరీ వేళనో ఇఫ్తార్ తర్వాతనో ఏ సమయానికి మార్చుకోవాలో ఆయననే అడిగి, నెలంతా అదే వేళ పాటించవచ్చునని ఆమె బదులిచ్చారు. బలహీనంగా ఉన్నవారి విషయంలో మేము ఒక మాట జోడిస్తున్నాము. రోగి ఉపవాసాలను వాయిదా వేసి, కోలుకున్నాక ఇతర దినాలలో పూర్తి చేసుకోవచ్చునని దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరా అనుమతిస్తోంది. ఉపవాసాన్ని తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఉంది. నెల రోజులు ఆపిన మందుకు అటువంటి వెసులుబాటు లేదు.