దాచమంటే బయటపెట్టిన ఇంటిపేరు

గురువారం పొద్దున్నే మా ఎదురింటాయన వచ్చి కూర్చున్నారు. రాత్రంతా నిద్రపోయినట్టు లేరు. రెండు నెలల క్రితం కూతురి వివరాలు ఓ పెళ్లి సంబంధాల సైట్లో పెట్టారు. ఒకతని సంబంధం వద్దనుకుని జవాబివ్వలేదు. ముందురోజు రాత్రి అతను నేరుగా ఈయన సెల్‌కే ఫోన్ చేసి, సొంతూరి పేరు చెప్పి, ఊళ్లో ఉన్న అన్నగారి పేరు కూడా చెప్పి, నాకేం తక్కువని నిలదీశాడట.

"ఇంటిపేరు కనపడకుండానే పెట్టాను మాస్టారూ. వాడికెలా తెలిసింది?"

ఫోన్ తీసుకుని చూశాను. 'ఫస్ట్ నేమ్ మాత్రమే చూపించు' అన్నచోట టిక్ ఉంది. కానీ ఆయన ఫస్ట్ నేమ్ గడిలో రాసింది ఇంటిపేరు! మనకు మొదట వచ్చేది అదే కదా. బడి రిజిస్టర్లోనూ శుభలేఖ మీదా అలాగే రాస్తాం. ఆ గడులు చేసినవాళ్లకు మాత్రం మొదటి పేరంటే పిలిచే పేరు. అలా రెండు నెలలపాటు ఆ పిల్ల పేరు దాగి, ఆ ఇంటిపేరు ఊరందరికీ కనపడింది. తప్పు ఆయనది కాదు. తెలుగువాళ్ల దగ్గర చందా కట్టించుకునే సైటు ఆ గడి పక్కన 'పిలిచే పేరు' అని ఒక్క ముక్క రాయలేకపోయింది. నాకు కోపమంతా అక్కడే.

ఇంటిపేరుతో ఇల్లెలా దొరుకుతుందో ఆయన ముందే వెతికి చూపించాను. వాళ్లది అరుదైన ఇంటిపేరు. దానికి సొంత జిల్లా పేరు కలిపి వెతికితే ఫేస్‌బుక్‌లో అన్నగారు దొరికారు. ఆయన పెట్టిన గృహప్రవేశం ఫొటోల్లో తమ్ముడి కుటుంబం పేర్లతో సహా ఉంది. తమ్ముడి పేరు కొడితే, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిగా ఆయన వేయించిన నోటీసులో సెల్ నంబరుంది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటిపేరు లేకపోతే వావివరసలెలా తెలుస్తాయని ఆయన అడిగారు. అందుకు గోత్రం గడి ఎలాగూ ఉంది. ఇంటిపేరు చెప్పాల్సిన సమయం రెండువైపులా ఇష్టపడి పెద్దలు ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు.

మరి ఏ పేరు పెట్టాలి? అక్షరాలు రెండు, వాటి వెనక పుట్టిన సంవత్సరం పెడితే మనిషిలా ఉండదు, పైగా సంవత్సరం మరో ఆధారమవుతుంది. ఇంట్లో పిలిచే బుజ్జి, చిన్నీ కొత్తవాళ్ల నోట వినడానికి బాగుండవు. లేని పేరు పెడితే, తొలి పరిచయంలోనే అబద్ధం చెప్పారన్న మాట పెళ్లిచూపుల దాకా వెంటాడుతుంది. మన పేర్లు పొడుగ్గా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఆ అమ్మాయి పేరు వెంకట నాగ శ్రీలత అనుకుందాం. 'శ్రీలత' చాలు. అది ఆమె సొంత పేరే. స్నేహితులు పిలిచేదీ అదే, రేపు అత్తవారు పిలిచేదీ అదే. శ్రీలతలు వేలమంది ఉంటారు కనుక దాన్ని పట్టుకుని ఎవరూ గుమ్మం దాకా రాలేరు. పేరే అరుదైనదైతే అందులో సగం పెట్టుకుని, పూర్తి పేరు తొలి ఫోన్లోనే చెప్పేస్తే సరి.

పెట్టాక ఒకసారి పరీక్షించాలి. ఆ పేరుకు ప్రొఫైల్లో కనపడే ఊరు, ఉద్యోగం కలిపి వెతకాలి. మొదటి పేజీలో మీ పిల్ల మొహం వస్తే ఊరి బదులు జిల్లా, కంపెనీ బదులు ఉద్యోగం పేరు మాత్రమే ఉంచండి. వేరేచోట పెట్టిన ఫొటోనే ఇక్కడా పెడితే పేరు దాచి ప్రయోజనం లేదు. ఫొటోతోనే వెతకొచ్చు.

ఇంత జాగ్రత్తపడిన తండ్రే వాట్సాప్ గ్రూపుల్లో బయోడేటా పంచుతున్నారు. అది నాకు మింగుడుపడదు. ఆ కాగితం మీద పుట్టిన తేదీ, సమయం, తాతగారి ఊరు, రెండు ఫోన్ నంబర్లు, చివర్లో మేనమామల ఇంటిపేరు. సంబంధం కుదిరి ఏళ్లు గడిచినా ఆ కాగితం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది.

మేనమామల ఇంటిపేరంటే అమ్మ పుట్టింటి ఇంటిపేరు. నా బ్యాంకులో పాస్‌వర్డ్ మరిచిపోతే, నేను నేనేనని నమ్మడానికి అడిగే రహస్య ప్రశ్న ఇదే. మన పెళ్లిళ్లలో అడుగడుగునా చెప్పుకునే మాట రహస్యమెలా అవుతుంది? ఆ ప్రశ్న తీసేయమని ఇప్పటికి రెండు ఉత్తరాలు రాశాను. మూడోది ఈ కాలమ్‌తో పాటే వెళ్తోంది.