పడుకుంటే కాళ్లు నిలవవా? ముందు ఫెరిటిన్ చూపించుకోండి

ఇషా నమాజు ముగించి పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉంటుంది. కదిపినా, లేచి నాలుగడుగులు వేసినా తగ్గుతుంది. పడుకుంటే మళ్లీ మొదలు. పిక్కలు పట్టేసి నొప్పి పుట్టడం వేరు, ఇది వేరు. దీన్నే రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. 2007లో అచ్చయిన బెంగళూరు సర్వే ఇది నూటికి ఇద్దరిలో ఉందని తేల్చింది.

మన ఇళ్లలో దీనికి నరాల బలహీనత అని పేరుపెట్టి, ఎవరో చెప్పారని కుష్తా ఫౌలాద్ మొదలుపెడతారు. యునానీని నమ్మేవాడిగానే అంటున్నాను, పరీక్ష లేకుండా అది వద్దు. ఇనుము ఎక్కువైతే కాలేయానికి చేటు.

నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే ఒక గృహిణి సంగతి చూడండి. హిమోగ్లోబిన్ 12.4. రక్తం బాగానే ఉందన్నారు. ఫెరిటిన్ చూస్తే 11! హిమోగ్లోబిన్ వంటింట్లోని బియ్యమైతే, ఫెరిటిన్ గాదెలోని నిల్వ. ఈ జబ్బులో ఫెరిటిన్ 75 లోపుంటే డాక్టర్లు ఇనుము ఇస్తారు. ఆమె మాత్ర వేసుకుని వెంటనే చాయ్ తాగేది. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, రాత్రిపూట కెఫీన్ కొందరికి కాళ్ల బాధను కూడా పెంచుతుంది. చాయ్ మాని, మాత్ర వేళ మార్చాక మూడు నెలలకు నిద్ర కుదిరింది.

మగత తెచ్చే జలుబు మాత్రలు, కొన్ని వాంతి మందులు, డిప్రెషన్ మందులు కూడా కాళ్లను కదిలిస్తాయి. డిప్రెషన్ మందును మాత్రం సొంతంగా ఆపకండి. రాసిన డాక్టరుకే చెప్పండి. ఫెరిటిన్ బాగానే ఉంటే కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి.