పనివేళలు మార్చమని అడుగుతున్నారా? ముందు గడియారం లెక్క రాయండి

మా బంధువుల అమ్మాయి ఒకరు హైదరాబాద్‌లోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరు. మూడేళ్లుగా హనుమకొండలో ఇంటి నుంచే పని. డ్యూటీ ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకు. ఈ జూన్‌లో భర్త ఉద్యోగరీత్యా టొరంటో దగ్గరి బ్రాంప్టన్‌కు వెళ్లింది. నెల తిరక్కుండానే మేనేజర్‌కి రాసిన ఉత్తరం నాకు పంపి, ‘బాబాయ్, పంపేముందు ఒక్కసారి చూడవా’ అంది. నేను చాలా ఏళ్లు టీములు నడిపినవాణ్ని. ఇలాంటి ఉత్తరాలు అందుకున్నవాణ్ని.

అందులో ముఖ్యమైనవి మూడు వాక్యాలు. ‘వ్యక్తిగత కారణాల వల్ల కెనడాకు మారాను. దయచేసి నాకు అనుకూలమైన పనివేళలు ఇప్పించగలరు. అవసరమైతే ఏ సమయంలోనైనా అందుబాటులో ఉంటాను.’

మర్యాదగానే ఉంది. కానీ ఇది చదివిన మేనేజర్‌కి ఏం అర్థమవుతుంది? అనుకూలమైన వేళ అంటే ఎప్పుడు? టీముతో ఎన్ని గంటలు కలుస్తుంది? ఉదయం ఏదైనా ఆగిపోతే ఎవరు చూస్తారు? ఈ లెక్కలన్నీ ఆయనే వేసుకోవాలి. పని ఒత్తిడిలో ఉన్న మనిషికి లెక్క అప్పగిస్తే ఆయన ఇచ్చే జవాబు ‘కుదరదు’ అనే. అందులో ఆయన తప్పేమీ లేదు.

ముందు ఆ అమ్మాయి పరిస్థితి చూద్దాం. వేసవిలో టొరంటో మనకంటే 9.30 గంటలు వెనక. ఇక్కడ ఉదయం 10 అంటే అక్కడ అర్ధరాత్రి దాటాక 12.30. డ్యూటీ ముగిసేది అక్కడ ఉదయం 9.30కి. మన సోమవారం పొద్దున ఆమెకు ఆదివారం అర్ధరాత్రి కాబట్టి ఆదివారం సాయంత్రమూ చేతిలో ఉండదు. మూడు వారాలు అలాగే లాగింది. పగటిపూట కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకుంది. అప్పుడే ఒకే బగ్‌ని రెండుసార్లు నమోదు చేయడం, టెస్ట్ చేసిన బిల్డ్‌కి పాత నంబరు వేయడం మొదలైంది. నిద్ర చాలని టెస్టర్ పని ఇలాగే బయటపడుతుంది. వేగం తగ్గదు, చూపు తగ్గుతుంది. ఆ పొరపాట్లు పై అధికారి కంట పడకముందే వేళలు అడగడం మంచిది. తర్వాత అడిగితే అది సాకులా కనిపిస్తుంది.

కాబట్టి ఉత్తరంలో మొదటి వాక్యంలోనే గడియారం ఉండాలి. అదీ మీ గడియారం కాదు, వాళ్ల గడియారం. ‘నేను ఉదయం 6 నుంచి పని చేస్తాను’ అంటే హైదరాబాద్‌లో ఉన్నాయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవాలి. ‘భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3.30 నుంచి రాత్రి 12.30 వరకు’ అంటే వెంటనే తెలుస్తుంది. టీము 7కి లేస్తుంది కాబట్టి 3.30 నుంచి 7 వరకు, అంటే మూడున్నర గంటలు అందరూ కలిసి ఉంటారు. ఆ అమ్మాయికి అది పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 3. మనిషి బతకగలిగిన వేళలు.

ఇక్కడ చాలామంది మరచిపోయేది ఒకటుంది. మనకు గడియారం ఏడాదంతా ఒక్కటే. కెనడాలో ఎక్కువ ప్రాంతాల్లో, అమెరికాలోనూ అంతే, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. చలికాలంలో టొరంటోకీ మనకూ తేడా 10.30 గంటలు. జూలైలో రాసిన ఉత్తరంలో ఈ మాట లేకపోతే నవంబరులో ఓ సోమవారం ఆమె తన గడియారం చూసుకుని 6కి కూర్చుంటుంది, ఇక్కడ 4.30 అయి ఉంటుంది. మీటింగ్ అయిపోయి ఉంటుంది. ‘చూశారా, అప్పుడే మొదలైంది’ అంటారు.

ఆ గంట ఎవరు భరించాలి? నా అభిప్రాయం ఒకటే. మారింది మీరు కాబట్టి మీరే భరించండి. వేళలను భారత కాలమానంలో ఏడాదంతా స్థిరంగా ఉంచండి. అంటే చలికాలంలో ఆ అమ్మాయి 5కే లేచి కూర్చోవాలి, మధ్యాహ్నం 2కి ముగించాలి. కష్టమే. కానీ పదిమంది తమ మీటింగ్ ఏడాదికి రెండుసార్లు మార్చుకోవడం కంటే ఒకరు అలారం మార్చుకోవడం తేలిక. పైగా ఈ మాట ముందే రాస్తే మేనేజర్‌కి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది, ఈమె నవంబరు దాకా ఆలోచించింది అని.

రెండో విషయం, పోయేదేంటో మీరే చెప్పడం. చాలామందికి ఇది రాయడానికి చెయ్యి రాదు. లాభాలు మాత్రం రాస్తారు. లాభం నిజంగానే ఉంది. డెవలపర్లు సాయంత్రం 6కి ఇచ్చిన బిల్డ్‌ని ఇదివరకు మర్నాడు పొద్దున టెస్ట్ చేసేది. ఇప్పుడు వాళ్లు నిద్రపోతున్నప్పుడు టెస్ట్ చేసి, పొద్దున వాళ్లు లాగిన్ అయ్యేసరికి రిపోర్టు పెట్టగలదు. సగం రోజు కలిసొస్తుంది. కానీ ఉదయం 11కి ఎవరికైనా సందేహం వస్తే? మధ్యాహ్నం 3.30 దాకా జవాబుండదు. నాలుగున్నర గంటలు. క్లయింటు దగ్గర ఉదయమే ఏదైనా పగిలితే? ఇంకొకరు చూడాలి.

ఆ ఇంకొకరు ఎవరో ఉత్తరంలో రాయాలి. అంతకంటే ముందు ఆ మనిషిని అడగాలి. పక్క సీటు అబ్బాయి పేరు చెప్పేసి, అతనికి ఆ సంగతి మేనేజర్ నోటి నుంచి తెలిస్తే మీ వేళలు మారినా ఆ స్నేహం నిలవదు. ఈ అమ్మాయి టీములోని ఒకబ్బాయితో మాట్లాడింది. పొద్దున అత్యవసరమైనవి అతను చూస్తాడు. రాత్రి 7 తర్వాత, నెలాఖరు రిలీజుల్లో అతను మేల్కొనాల్సిన పనంతా ఈమె చూస్తుంది. అతనికి చిన్న పాప ఉంది, రాత్రి డ్యూటీ తప్పడం అతనికే సంతోషం. ఇలా ఇచ్చిపుచ్చుకోవడం ఉంటేనే ఏర్పాటు నిలబడుతుంది.

ఇక ఆ మూడో వాక్యం, ‘ఏ సమయంలోనైనా అందుబాటులో ఉంటాను’. దీన్ని కొట్టేయమన్నాను. ‘అదేంటి బాబాయ్, అది చూసైనా ఒప్పుకుంటారేమో’ అంది. ఒప్పుకుంటారమ్మా, అదే ఇబ్బంది. ఆ వాక్యం ఉన్నంతకాలం రాత్రి 1కి మీటింగ్ పెట్టినా నువ్వు కాదనలేవు. రెండు నెలల్లో పాత డ్యూటీ, కొత్త డ్యూటీ రెండూ చేస్తుంటావు. దాని బదులు, ముందుగా చెబితే వారంలో ఒక్క రోజు భారత కాలమానం మధ్యాహ్నం 1.30కి రాగలను అని రాయి అన్నాను. ఆమెకు అది వేసవిలో తెల్లవారుజామున 4. ఒక్క రోజైతే తట్టుకోవచ్చు.

ఇవన్నీ సరే, అసలు ఉత్తరానికి ముందే తేల్చుకోవాల్సింది ఒకటి ఉంది. వేళలు మార్చడం వేరు, దేశం మారడం వేరు. రెంటినీ ఒకే అభ్యర్థనలో కలిపేస్తారు మనవాళ్లు. కొందరైతే దేశం సంగతి దాచి వేళలు మాత్రం అడుగుతారు. లాగిన్ ఎక్కడి నుంచి జరుగుతోందో కంపెనీ సిస్టమ్‌లో కనిపిస్తుంది. భారతదేశం దాటి డేటా తెరవకూడదని క్లయింటుతో ఒప్పందం ఉంటే వేళల మాట అటుంచి, ఉద్యోగానికే ముప్పు. వీసా సంగతి కూడా అంతే. అమెరికాలో హెచ్-4 మీద ఉండి పని అనుమతి పత్రం లేనివాళ్లు ‘జీతం ఇండియా ఖాతాలోనే పడుతోంది కదా’ అని ధైర్యపడకూడదు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. కెనడాలో స్థిరపడినవాళ్లు ఇండియా జీతాన్ని కూడా అక్కడి పన్ను లెక్కల్లో చూపించాలి. ఈ అమ్మాయికి అక్కడ పని అనుమతి ఉంది. విదేశం నుంచి పని చేయడానికి హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి వెళ్లకముందే తీసుకుంది. కాబట్టి ఈ ఉత్తరంలో వేళల మాట ఒక్కటే మిగిలింది.

చివరికి వెళ్లిన ఉత్తరం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది:

‘సార్, నా డ్యూటీని ఆగస్టు 1 నుంచి భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3.30 – రాత్రి 12.30కి మార్చమని కోరుతున్నాను. జూన్‌లో హెచ్‌ఆర్ అనుమతితో టొరంటో ప్రాంతానికి మారాను. ఇక్కడి గడియారం మారినా ఈ వేళలు ఏడాదంతా ఇవే ఉంటాయి. టీముతో రోజూ 3.30 నుంచి 7 వరకు ఉంటాను. ఉదయం 10.30 రోజువారీ మీటింగ్‌ని సాయంత్రం 4కి మార్చగలిగితే మేలు. కుదరకపోతే నా భాగం ముందురోజు రాత్రే రాసి పెడతాను. సాయంత్రం వచ్చిన బిల్డ్ రిపోర్టు మర్నాడు ఉదయం 10కి ఉంటుంది. ఉదయంపూట నేను ఉండను, అత్యవసరమైనవి చూడటానికి మన టీములో ఒకరు అంగీకరించారు, ఆయన రాత్రి రిలీజులు నేను చూస్తాను. సెలవులు హైదరాబాద్ క్యాలెండర్ ప్రకారమే. రాత్రి షిఫ్టు అలవెన్సు అడగడం లేదు. మూడు నెలలు చూసి, ఇబ్బంది ఉంటే మళ్లీ మాట్లాడదాం.’

అలవెన్సు మాట ఎందుకంటే, రాత్రి 12.30 వరకు డ్యూటీ అనగానే కొన్ని కంపెనీల్లో అది రాత్రి షిఫ్టు కింద లెక్కకొస్తుంది, ఫైలు ఖర్చుల విభాగానికి వెళ్లి ఆగుతుంది. ఆమెకు అది పట్టపగలు. అడగకపోవడమే న్యాయం, పని కూడా త్వరగా తెములుతుంది.

మేనేజర్ రెండు రోజుల్లో ఒప్పుకున్నారు, ఒక మార్పుతో. మీటింగ్ 4కి కాదు, 5కి. గొడవ వచ్చింది మాత్రం అనుకోని చోట. హాజరు సాఫ్ట్‌వేర్‌లో ఆమె షిఫ్టు కోడ్ పాతదే ఉండిపోయింది. మధ్యాహ్నం 3.30కి లాగిన్ అయినందుకు మొదటి వారం ఐదు రోజులూ సగం సెలవు పడింది. మేనేజర్ ‘సరే’ అన్న మెయిల్‌ని హెచ్‌ఆర్‌కి పంపి, కోడ్ మార్పించుకునేసరికి ఇంకో వారం పట్టింది. మీరు రాసే ఉత్తరంలో చివర ఒక లైను చేర్చండి: ‘హాజరు సిస్టమ్‌లో షిఫ్టు మార్చమని హెచ్‌ఆర్‌కి ఈ మెయిల్ కాపీ పెడుతున్నాను.’