ప్లాన్ గడిని చెరపకండి

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కృష్ణా కాలువల మీద కల్వర్టు పనులకు నీళ్లు కట్టేసిన వేసవే అదను. సమీక్షకు తెచ్చే షెడ్యూలు స్లైడులో మాత్రం రంగు పట్టీని మౌస్‌తో కాస్త లాగితే చాలు, ఆలస్యం మాయం! అందుకే నా ఓటు టేబుల్‌కే. వారానికో నిలువు వరుస, ఒక్కో పనికి రెండు అడ్డు వరుసలు: పైన ప్లాన్, కింద జరిగింది. పునాది 3, 4 వారాల్లో అనుకున్నది 5 దాకా పాకితే కింది వరుసలో ఇంకో గడి నింపాలి, పై రంగు ముట్టకూడదు. అప్పుడు శ్లాబూ ఒక గడి కుడికి జరగాల్సిందే. నాలుగున్నర మీటర్లు దాటిన శ్లాబుకు సపోర్టులు 14 రోజులు ఉంచమంటుంది ఐఎస్ 456. ఆ రెండు గడులు ఎవరూ కుదించలేరు. మూడు రోజుల జాప్యం వారం గడిలో కనపడదు కనుక దాన్ని అంకెగా రాయండి. కాలువకు నీళ్లు వదిలే తేదీని ఎర్ర గీతగా, ఆ వారపు గడుల అంచుకే వేయండి. విడిగా గీస్తే కొత్త వరుస చేర్చగానే గురి తప్పుతుంది.