నాలుగు జీబీల కంప్యూటరూ, మా మేనల్లుడి ఆటా

మా అక్క వాళ్ళింట్లో ఓ పాత డెస్క్‌టాప్ ఉంది. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు, 2 జీబీల చిన్న గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 10. మా మేనల్లుడు దాంట్లో 2025 సెప్టెంబరులో వచ్చిన హాలో నైట్: సిల్క్‌సాంగ్ ఆడదామని చూశాడు. ఆట వాళ్ళు కనీసం కావాలన్నది కూడా 4 జీబీ ర్యామే. అయినా ఆట ఆగి ఆగి నడుస్తోంది. "మావయ్యా, కొత్త కంప్యూటర్ కొనాల్సిందేనా?" అని ఫోను. అక్కేమో పక్కనుంచి "ఈ ఏడాది కుదరదని చెప్పు వాడికి" అంటోంది.

వాడప్పటికే చెయ్యగలిగిన వైద్యాలన్నీ చేసేశాడు. ఏదో "ర్యామ్ క్లీనర్" వేశాడు. వీడియోలో చెప్పారని ఇరవై సర్వీసులు ఆపేశాడు. పేజ్ ఫైల్ కూడా తీసేశాడు. దాంతో ఇదివరకు ఆగి ఆగి నడిచే ఆట కాస్తా మధ్యలో మూసుకుపోవడం మొదలుపెట్టింది!

నేనేమంటానంటే, ముందు జబ్బేంటో తెలుసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డు చాలకపోతే ఆట మొదట్నుంచీ చివరిదాకా ఒకేలా నత్తనడక నడుస్తుంది, రిజల్యూషన్ తగ్గిస్తే బాగుపడుతుంది. మెమొరీ చాలకపోతే అలా కాదు. కాసేపు హాయిగా నడుస్తుంది, కొత్త చోటికి వెళ్ళగానే ఒకట్రెండు సెకన్లు బిగుసుకుపోతుంది, డిస్కు దీపం ఆరకుండా వెలుగుతుంది. వీడిది రెండో రకం. రూఢి చేసుకోడానికి `resmon` అని టైపు చేసి తెరిచి, Memory పేజీలో Hard Faults/sec చూడమన్నాను. ర్యామ్‌లో దొరకని దాన్ని డిస్కు నుంచి ఎన్నిసార్లు తెచ్చుకోవాల్సి వస్తోందో చెప్పే లెక్క అది. ఆట బిగుసుకున్నప్పుడల్లా ఆ అంకె వందల్లోకి ఎగబాకుతోంది. ఇంక అనుమానం లేదు.

ఇక కూడికలూ తీసివేతలూ. కంప్యూటర్ తెరిచి ఏమీ ముట్టుకోకుండా ఐదు నిమిషాలాగి, Task Manager లో Available ఎంతుందో చూడమన్నాను. 1.3 జీబీ. ఆటకి 1.6 దాకా కావాలి. అంటే కొరత ముచ్చటగా మూడొందల ఎంబీ. దీనికా కొత్త కంప్యూటర్!

Startup లో చూస్తే దొంగలు దొరికారు. ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో వేసిన వీడియో కాల్ ప్రోగ్రామ్ 240 ఎంబీ. ఫోటోలు దాచే సింక్ 120. ఎప్పుడో పాడైపోయిన ప్రింటర్ తాలూకు సహాయకుడూ, ఇంకో రెండు అప్‌డేటర్లూ కలిసి 90. అసలు ఘనుడు బ్రౌజరు. కిటికీ మూసేసినా గడియారం పక్కన చిన్న బొమ్మగా కూర్చుని 350 ఎంబీ తింటోంది. మూసేశాక కూడా వెనకాల నడవమనే టిక్కు దాని సెట్టింగుల్లోనే ఉంది, అది తీసేయించాను. మిగతావాటిని Startup లో Disable చేయించాను. మళ్ళీ తెరిస్తే Available 2.1 జీబీ.

ఆపేసిన సర్వీసులన్నీ తిరిగి పెట్టించాను. ఒక్కోటి ఆపితే మిగిలేది నాలుగైదు ఎంబీలు, వచ్చే తలనొప్పులేమో బోలెడు. యాంటీవైరస్ జోలికి అసలు వెళ్ళనివ్వలేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది, ఉన్న గొడుగు కూడా పారేసుకోకూడదు కదా. పేజ్ ఫైల్‌ని కూడా విండోస్‌కే వదిలెయ్యమన్నాను. అది లేకపోతే ప్రోగ్రాములన్నీ కలిపి అడగగలిగేది ఉన్న ర్యామ్ మేరకే. ఆ గీత దాటి ఆట అడిగితే విండోస్ లేదంటుంది, ఆట కూలిపోతుంది. వాడికి జరిగింది అదే.

ర్యామ్ క్లీనర్లంటే నాకెందుకు మంటో కూడా చెప్తాను. అవి ప్రోగ్రాముల్ని మూయవు, వాటి సరుకుని ర్యామ్‌లోంచి బయటికి నెడతాయి. ఖాళీ అంకె గొప్పగా పెరుగుతుంది. మరుక్షణం ఆ ప్రోగ్రాముకి సరుకు అవసరమై డిస్కు నుంచి మళ్ళీ మోసుకొస్తుంది. మనం తగ్గించాలనుకున్న Hard Faults ని మనమే పెంచుకున్నట్టు. ఇల్లు సర్దమంటే సామాను వీధిలో పెట్టినట్టన్నమాట.

ఇప్పుడు కొత్త చోటికి వెళ్ళినప్పుడు ఒక్క క్షణం తడబాటు తప్ప ఆట నడుస్తోంది. ఆ తడబాటు పాత డిస్కుది, దానికి మన తీసివేతలు పనిచెయ్యవు. అలాగే ఈ పద్ధతికో హద్దుంది. ఇక్కడ మిగిలింది 0.8 జీబీ, అంతే. కనీసం 8 జీబీ కావాలనే ఆటని దీంతో నడిపిస్తానంటే కుదరదు. వాడికీ అదే చెప్పాను: కొత్త ఆట కొనేముందు అది నడిచేటప్పుడు వాడే మెమొరీ, నీ Available పక్కపక్కన రాసి చూసుకో. తేడా వందల ఎంబీల్లో ఉంటే Startup వెతుకు, జీబీల్లో ఉంటే ఇంకో ర్యామ్ ముక్క కోసం మీ అమ్మని అడుగు.

అక్క ఇంకా నాతో మాట్లాడుతూనే ఉంది కాబట్టి, వాడింకా అడగలేదనుకుంటాను :)