'ఇన్ ప్రోగ్రెస్' అంటే ఎంతవరకూ వచ్చినట్టు?

ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునేవాళ్ళకి ఒక మాట బాగా పరిచయం. రెజ్యూమెలో సర్టిఫికేషన్ పేరు పొడుగ్గా, బోల్డ్‌లో ఉంటుంది. దాని చివర్న, కనపడీ కనపడనట్టు 'ఇన్ ప్రోగ్రెస్' అని ఉంటుంది. కొందరు 'పర్స్యూయింగ్' అంటారు. రెండూ ఒకటే లెండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ మాట తీసేసి, మీరు బుక్ చేసుకున్న పరీక్ష తేదీ రాయండి. బుక్ చేసుకోలేదా? అయితే ఆ సర్టిఫికేషన్ పేరే రాయొద్దు. ఇది మరీ చాదస్తంగా అనిపించొచ్చు గానీ, కాస్త ఓపికపట్టి చదవండి.

ఎంటెక్ చేస్తున్న కుర్రాడు 'చదువుతున్నాను, ఫలానా మే నెలకి పూర్తవుతుంది' అని రాస్తే దానికో అర్థముంది. సెమిస్టర్లున్నాయి, మార్కుల మెమోలున్నాయి. సగం చదివితే సగం చదివినట్టే లెక్క. సర్టిఫికేషన్ సంగతి అలా కాదు. మనవాళ్ళు ఎక్కువగా రాసే ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షనే తీసుకోండి. 2022లో వచ్చిన SAA-C03 వెర్షన్‌లో 65 ప్రశ్నలు, 130 నిమిషాలు. వెయ్యికి 720 వస్తే పాసు. 719 వచ్చినవాడూ, అసలు పరీక్షకే వెళ్ళనివాడూ సర్టిఫికెట్ దగ్గర సమానమే. ఇందులో 'ప్రోగ్రెస్' ఎక్కడుందో చెప్పండి! నిన్న మొదటి వీడియో చూసినవాడూ, రేపు పొద్దున్న పరీక్షకి వెళ్ళేవాడూ ఒకే మాట రాస్తున్నారు. చదివేవాడికి ఆ తేడా తెలిసే దారి లేదు. అందుకని వీడు వీడియోలు చూసే బాపతే అనేసుకుంటాడు. నిజంగా కష్టపడి చదువుతున్నవాడికే నష్టం.

తేదీ రాస్తే ఆ తేడా కనిపిస్తుంది. తేదీ ఊరికే రాదు కదా. ఈ పరీక్షకి 150 డాలర్ల ఫీజు కట్టాలి, పియర్సన్ వ్యూలో స్లాట్ ఎంచుకోవాలి, కన్ఫర్మేషన్ మెయిల్ వస్తుంది. అడిగితే చూపించడానికి ఒక కాగితమంటూ ఉంది. వాయిదా వేసుకోవాలన్నా 24 గంటల ముందే వేసుకోవాలి, అదీ రెండుసార్లే. కాబట్టి తేదీ రాసినవాడు ఏదో ఒకటి పణంగా పెట్టాడని ఎదుటివాడికి అర్థమవుతుంది.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. 'ఎక్స్‌పెక్టెడ్' అనే మాటని దేనికి తగిలిస్తున్నారో చూసుకోండి. 'నవంబరులో సర్టిఫికేషన్ వస్తుంది' అంటే పాసవుతానని మాటిస్తున్నట్టు. అది మీ చేతిలో లేదు. 'నవంబరు 14న పరీక్ష ఉంది' అనడం జరిగిన విషయం చెప్పడం. రేపు తప్పినా మొదటివాడి మాట పోతుంది, రెండోవాడి మాట పోదు.

మాటల వరసకి కూడా విలువుంది. రిక్రూటర్లు వందల రెజ్యూమెల్ని చదవరు, వెతుకుతారు. సర్టిఫికేషన్ పేరు కొట్టి వెతికితే మీ రెజ్యూమె కూడా వస్తుంది. ఆ వెతికే పెట్టెకి 'ఇన్ ప్రోగ్రెస్' అన్న తోక అర్థం కాదు. ఫలితాల్లో లైను సగంలో తెగిపోతే ఆ తోక కనిపించను కూడా కనిపించదు. నాకు తెలిసిన ఒకమ్మాయి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. కన్సల్టెన్సీవాళ్ళు ఆమె రెజ్యూమె నుంచి వివరాలు తీసి ఎక్సెల్ షీట్‌లో ఎక్కించేటప్పుడు సర్టిఫికేషన్ కాలమ్‌లో పేరు మాత్రం ఎక్కించారు. క్లయింటుకి ఆ షీటే వెళ్ళింది. ఇంటర్వ్యూలు అయిపోయాక, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో సర్టిఫికెట్ నంబరు అడిగారు. లేదు. రెజ్యూమెలో అబద్ధం లేదని నిరూపించుకోడానికి ఆమెకి మూడు వారాలు పట్టింది, ఈలోగా ఆ పోస్టు ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆమె తప్పు చేసిందని అనను. ఆమె రాసిన లైను మాత్రం మధ్యలో తెగితే అబద్ధమయ్యే లైను.

అందుకే పరీక్ష అన్న మాట, తేదీ ముందు రావాలి, సర్టిఫికేషన్ పేరు తర్వాత రావాలి. ఇలాగ:

```
Exam scheduled 14 Nov 2025: AWS Certified Solutions Architect - Associate, SAA-C03
```

దీన్ని ఎక్కడ కోసినా మిగిలిన ముక్క అబద్ధం చెప్పదు. ఇంకో జాగ్రత్త: పాసైన సర్టిఫికేషన్ల వరసలో దీన్ని కలపకండి. ఆ వరస అయ్యాక విడిగా ఒక లైను చాలు. రెజ్యూమె పైన పేరు పక్కన తగిలించడం, హెడ్‌లైన్‌లో పెట్టడం అసలే వద్దు.

ఆన్‌లైన్ ఫారాల దగ్గర ఇంకో చిక్కు. లింక్డిన్‌లో చదువు వివరాల దగ్గర ముందు రాబోయే సంవత్సరం వేసుకోవచ్చు. `Licenses & certifications` దగ్గర మాత్రం సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ, నంబరు అడుగుతుంది. అంటే ఆ గడి చేతికొచ్చినవాటి కోసమే. పరీక్ష తేదీని తీసుకెళ్ళి అందులో పెట్టకండి, పైన మీ గురించి రాసుకునే చోట ఒక వాక్యం రాయండి. అలాగే కంపెనీ ఫారంలో 'మీకు ఈ సర్టిఫికేషన్ ఉందా, అవునా కాదా' అని అడిగితే కాదు అనే నొక్కండి. కింద రిమార్కుల పెట్టె ఉంటే తేదీ అక్కడ రాయండి, లేకపోతే రిక్రూటర్‌కి పంపే మెయిల్‌లో రాయండి. 'కాదు అంటే ఫిల్టర్‌లో ఎగిరిపోతాను కదా' అంటారు. ఎగిరిపోవచ్చు, నిజమే. కానీ ఆ సర్టిఫికేషన్ తప్పనిసరి అయిన ఉద్యోగమైతే అవును అని నొక్కి లోపలికెళ్ళినా వెరిఫికేషన్‌లో ఎగిరిపోతారు. అప్పటికి పాత ఉద్యోగానికి రాజీనామా కూడా ఇచ్చేసి ఉంటారు.

సరే, ఏ తేదీకి బుక్ చేసుకోవాలి? మనవాళ్ళు ఇంటర్వ్యూకి ముందే రాసేయాలని కంగారుపడతారు. నా లెక్క వేరు. మన దగ్గర నోటీసు పీరియడ్ రెండు నెలలు, మూడు నెలలు కదా, ఎప్పుడూ తిట్టుకునే ఆ నోటీసు పీరియడే ఇక్కడ పనికొస్తుంది. కంపెనీకి కావలసింది మీరు చేరే రోజుకి సర్టిఫికెట్ ఉండటం. చేరే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

మా పాత టీములో కుర్రాడొకడు చేసింది చెప్తాను. మూడున్నరేళ్ళు సపోర్టులో చేసి, క్లౌడ్ వైపు వెళ్దామని 2025 అక్టోబరు 6న అప్లై చేశాడు. పరీక్ష నవంబరు 14కి బుక్ చేసుకుని, పైన చూపించిన లైనే రాశాడు. మెయిల్‌లో ఇంకొక్క వాక్యం చేర్చాడు: 'నా నోటీసు 60 రోజులు, కాబట్టి నేను చేరేలోపే ఫలితం తెలుస్తుంది.' నవంబరు 3న ఆఫర్ వచ్చింది, 4న రాజీనామా ఇచ్చాడు, చేరాల్సింది 2026 జనవరి 5. పరీక్ష రాశాడు, 698 వచ్చింది. పోయింది.

ఏడబ్ల్యూఎస్ నిబంధన ప్రకారం ఫెయిలైతే 14 రోజులు ఆగి మళ్ళీ రాయొచ్చు, ఫీజు మళ్ళీ కట్టాలి. ఫలితం తెలిసినరోజే వాడు హెచ్ఆర్‌కి రెండు లైన్లు రాశాడు: పాసవలేదు, డిసెంబరు 1కి మళ్ళీ బుక్ చేశాను అని. అవతలి నుంచి 'నోటెడ్' అని ఒక్క ముక్క వచ్చింది, అంతే. డిసెంబరులో పాసయ్యాడు, జనవరిలో చేరాడు. వాడు ముందు రాసింది పరీక్ష తేదీ గనక, ఫెయిలైనప్పుడు ఏ మాటా తప్పినట్టు కాలేదు. ఇందులో మనం పట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది: పరీక్ష తేదీకి రెండు వారాలు కలిపి, ఫలితం రావడానికి ఇంకో వారం కలిపినా చేరే తేదీకి ముందే ఉండాలి. అంటే ఒకసారి పోయినా ఇంకో అవకాశం మిగలాలి.

తేదీ రాసినవాడికి ఒక బాధ్యత కూడా ఉంది. ఆ తేదీ దాటిన మర్నాడు ఆ లైను పాచిపోయినట్టే. డిసెంబరులో నా ముందుకొచ్చిన రెజ్యూమెలో 'పరీక్ష నవంబరు 14' అని ఉంటే నేను అడిగే మొదటి ప్రశ్న అదే. పాసైతే మార్చండి, వాయిదా వేస్తే కొత్త తేదీ వేయండి, ఫెయిలై మళ్ళీ బుక్ చేయకపోతే లైను తీసేయండి. ఇప్పటికే అప్లికేషన్ నడుస్తున్నచోటికి కబురు పంపండి. జాబ్ సైట్లలో పడున్న పాత కాపీలని మర్చిపోకండి.

అన్ని సర్టిఫికేషన్లకీ పరీక్షే ఆఖరి మెట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. సెక్యూరిటీవాళ్ళు రాసే సీఐఎస్ఎస్‌పీకి పరీక్ష పాసయ్యాక అయిదేళ్ళ అనుభవం చూపించాలి, ఒక ఎండార్స్‌మెంట్ కావాలి. డిగ్రీ లాంటివి ఉంటే ఒక ఏడాది తగ్గుతుంది. అనుభవం చాలనివాళ్ళు 'అసోసియేట్ ఆఫ్ ఐఎస్‌సీ2' అని మాత్రమే చెప్పుకోవాలి. అలాంటి చోట పరీక్ష తేదీని సర్టిఫికేషన్ తేదీగా రాస్తే పాసయ్యాక కూడా అబద్ధమే అవుతుంది.

ఇంకా బుక్ చేసుకోనివాళ్ళు ఏం రాయాలి? నేర్చుకున్నదాంతో చేసిన పని రాయండి. సొంత అకౌంటులో ఒక చిన్న అప్లికేషన్‌ని రెండు అవైలబిలిటీ జోన్లలో నిలబెట్టి, ఒకటి ఆపేసి చూశారనుకోండి, అదే రాయండి. నేనైతే దానిమీద పది నిముషాలు ప్రశ్నలడగగలను. 'ఇన్ ప్రోగ్రెస్' మీద ఏం అడుగుతాను? ఎంతవరకూ వచ్చింది అనా?