ఫోన్‌లో అడిగితే చాలదు

సర్కారు దుప్పట్ల టెండరులో సందేహం వస్తే, "ఆఫీసుకు ఫోన్ చేస్తే చెప్తారులే" అంటారు గుడియాత్తంలో నేత పని చేసే మన సభ్యులు. మేము ఒప్పుకోము. ఫోన్‌లో చెప్పిన మాట టెండరు కాగితంలో చేరదు. రేపు సరుకు వెనక్కి పంపితే, చూపడానికి మన చేతిలో ఏముంటుంది?

తమిళనాడు టెండర్ల నిబంధనలు, 2000 ప్రకారం, టెండరు తెరవడానికి 48 గంటల ముందే అడిగితే జవాబు ఇవ్వాలి. దాని నకలు పత్రం కొన్నవాళ్ళందరికీ, అడిగింది ఎవరో చెప్పకుండా పంపాలి. కాబట్టి "మన పేరు చెడుతుంది" అనే భయం కూడా నిలవదు.

అయితే, "సార్, సైజు కొంచెం తేడా వస్తే పర్వాలేదా, ఉతికితే కుంచించుకుంటుంది కదా, కొంచెం చూడండి" అని రాస్తే? రెండు ప్రశ్నలు, ఒక వేడుకోలు కలిసిపోయాయి. "షరతుల ప్రకారమే" అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. ఉదాహరణకు, షరతు 6.2లో పొడవు 225 సెం.మీ. అని ఉందనుకోండి. ఇలా విడగొట్టాలి:

1. పేజీ 14, షరతు 6.2: పొడవు 225 సెం.మీ. ఇది ఉతకకముందు కొలతా, ఉతికిన తర్వాత కొలతా?

2. అదే షరతు: హెచ్చుతగ్గు ఎంతవరకు అనేది చెప్పలేదు. 2 శాతం ఒప్పుకుంటారా?

మొదటి ప్రశ్న చిన్నది కాదు. బట్ట 5 శాతం కుంచించుకుంటే, ఉతికాక 225 రావాలంటే సుమారు 237 నేయాలి. ఆ 12 సెంటీమీటర్ల నూలు ధర మన రేటులో ఉందా లేదా అన్నదే లాభనష్టం. రెండో దానికి "ఒప్పుకోము" అని వచ్చినా మంచిదే. ధర వేసేముందే తెలిసింది.

వేడుకోలు తీసేయండి. నంబరు, పేజీ, షరతు, ఒక్క ప్రశ్న. అంతే.